సాయంత్రం నాలుగున్నరకు వచ్చేది ఆకలా, దూపా? బరువు తగ్గేవాళ్లకు నీళ్ల లెక్క

శారద_అచ్చంపేట
అందరికీ నమస్తే. వయసు 41, బరువు 74 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఒక్క అంగుళం. హైస్కూల్లో పాఠాలు చెప్తాను. పొద్దున ఏడున్నరకు రెండు ఇడ్లీలో, ఉప్మానో తిని బయల్దేరుతాను. పన్నెండు ముప్పావుకు అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. నాలుగున్నరకు స్కూలు వదలగానే కడుపులో మంట పుట్టినట్టు ఆకలి. బస్టాండు దగ్గర రెండు మిర్చి బజ్జీలు, ఒక చాయ్. ఇంటికొచ్చాక ఆరున్నరకు మళ్లీ ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది, చుడువ డబ్బా తీస్తాను. ఎనిమిదిన్నరకు మామూలుగానే అన్నం.

మా యోగా సార్ "అది ఆకలి కాదమ్మా, దూప. నీళ్లు తాగితే పోతుంది" అన్నారు. స్కూల్లో అర లీటరు సీసా ఒక్కటే తాగుతాను, అది కూడా పూర్తిగా కాదు. బాత్రూమ్ పరిస్థితి బాగుండదు, అందుకే. సార్ చెప్పింది నిజమేనా? ఎలా తెలుసుకోవాలి?

నాగరాజు_నకిరేకల్
నూటికి నూరుపాళ్లు నిజం అక్కా. మనకు వేసే ఆకలిలో సగం దూపే. మెదడులో రెండూ ఒకే చోట ఉంటయి, అందుకే తికమక పడతది. పొద్దున లేవంగనే లీటరు గోరువెచ్చటి నీళ్లల్ల తేనె, నిమ్మకాయ పిండుకొని తాగుర్రి, కొవ్వు కరుగుతది. రోజుకు అయిదు లీటర్లు తగ్గొద్దు. చాయ్ బంద్ చేయండి, అది ఒంట్లో నీళ్లను గుంజేస్తది.

పోషణ_పాలమూరు
శారద గారూ, నేను డైటీషియన్‌ని. మీ ప్రశ్నకు "అవును", "కాదు" రెండూ జవాబే. నాలుగున్నరది ఒక సంగతి, ఆరున్నరది ఇంకో సంగతి అని నా అనుమానం. విడివిడిగా చూద్దాం.

ముందు నాగరాజు గారి మాట. దూప, ఆకలి రెండింటినీ చూసుకునే భాగాలు మెదడులో దగ్గర దగ్గరగానే ఉంటాయి, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ వాటిని కదిలించేవి వేరు. రక్తంలో ఉప్పు గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా దూప మొదలవుతుంది. ఆకలికి పొట్ట ఖాళీ కావడం, పేగుల నుంచి వచ్చే హార్మోన్లు, తినే వేళ అలవాటు కారణం. ఒకదాన్ని చూసి ఇంకొకటి అని శరీరం పొరపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నిజానికి బాగా దూప మీదున్న మనిషికి ఎండు రొట్టె గొంతు దిగదు, తిండి తగ్గుతుంది.

మరి చాలామందికి నీళ్లు తాగితే ఆకలి ఎందుకు తగ్గినట్టుంటుంది? ఒకటి, మన ఇళ్లల్లో తాగేది ఒంటరిగా రాదు. చాయ్ అంటే పక్కన బిస్కెట్టో బజ్జీయో ఉంటుంది. నోరెండినప్పుడల్లా చేయి అటే పోవడం అలవాటవుతుంది. రెండు, అన్నం, చారు, కూర, పండు అన్నిట్లో నీళ్లుంటాయి. రోజుకు మన ఒంట్లో చేరే నీళ్లలో అయిదో వంతుకు అటూ ఇటూ తిండి నుంచే వస్తాయి. కాబట్టి తింటే దూప కొంచెం తీరుతుంది, తీరింది కాబట్టి మళ్లీ అదే చేస్తాం. నేర్చుకున్న అలవాటు ఇది.

తేనె, నిమ్మకాయ కొవ్వును కరిగించవు. ఒక చెంచా తేనె అరవై కేలరీల దాకా వేస్తుంది, అంతే. చాయ్ రోజూ తాగేవాళ్లకు అది ఒంట్లోని నీళ్లను చెప్పుకోదగ్గంత గుంజదు. తాగే నీళ్ల లెక్కలో చాయ్ కూడా వేసుకోవచ్చు. చాయ్‌తో చిక్కు అందులోని చక్కెర, పక్కన ప్లేటు.

యాదగిరి_కల్వకుర్తి
మేడం, నాకు ఒక సంగతి చెప్పుర్రి. పత్తి మిల్లుల హమాలి పని. పొద్దుగాల కాంటా మీద నిలబడితే 82, మాపటికి 80. అంటే రోజుకు రెండు కిలోలు తగ్గుతున్నట్టే గదా? తెల్లారేసరికి మళ్లా 82 ఎట్లైతది? నీళ్లు తాగుడు తగ్గిస్తే ఆ 80 నిలుస్తదా?

పోషణ_పాలమూరు
యాదగిరన్నా, అది కొవ్వు కాదు, చెమట. లీటరు నీళ్లు సరిగ్గా కిలో తూగుతయి. పొద్దంతా తిన్నది, తాగింది కడుపులోకి పోయినా కాంటా రెండు కిలోలు తక్కువ చూపిస్తున్నదంటే, మీరు తాగినదానికంటే రెండు లీటర్ల దాకా ఎక్కువే బయటికి పోయిందన్నమాట. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలె, ఒక్క పూటల అయ్యే పని కాదు. నీళ్లు తగ్గిస్తే 80 నిలవదు, మీరు పడిపోతరు. కళ్లు తిరుగుడు, పిక్కలు పట్టేసుడు, మూత్రం చాయ్ డికాక్షన్ రంగుల రావుడు కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.

పని చేస్తున్నంతసేపు ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగండి. మధ్యాహ్నం ఉప్పేసిన పలుచటి మజ్జిగ రెండు గ్లాసులు. తగ్గిన బరువును ఒక్కసారిగా పూడ్చాలని రాత్రి చెంబులకు చెంబులు దించొద్దు, తిండితో పాటు మెల్లగ తాగండి. బరువు చూసుకోవాలంటే పొద్దుగాల దొడ్డికి పోయి వచ్చినంక, ఏమీ తాగకముందు చూడండి. వారంల మూడు నాలుగు రోజుల సగటు తీసుకోండి.

శారద_అచ్చంపేట
మేడం, నాలుగున్నర, ఆరున్నర వేరు వేరు అన్నారు. ఎలా తేల్చుకోవాలి?

పోషణ_పాలమూరు
నీళ్లు తాగి చూసే పరీక్ష అందరికీ తెలుసు. కానీ దాని ఫలితాన్ని చాలామంది తప్పు సమయంలో చూస్తారు. ఎట్లాగో చెప్తాను.

రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్ల నీళ్లు తాగితే పొట్ట సాగుతుంది. అయిదు నిమిషాల్లో ఎవరికైనా ఆకలి తగ్గినట్టే ఉంటుంది, నిజమైన ఆకలైనా సరే. "చూశావా, దూపే" అనుకుంటారు. ఒట్టి నీళ్లు పొట్టలో ఎక్కువసేపు ఉండవు, పావుగంట ఇరవై నిమిషాల్లో సగం పేగుల్లోకి దిగిపోతాయి. అందుకని ఫలితం చూడాల్సింది అయిదు నిమిషాలకు కాదు, నలభై నిమిషాలకు.

స్కూలు వదలగానే రెండు గ్లాసులు తాగండి, బజ్జీల బండి వాసన అందని చోటికి నడవండి. నలభై నిమిషాలకు మూడింట్లో ఒకటి జరుగుతుంది. ఆకలి పోయి మళ్లీ రాకపోతే అది దూపో, అలవాటో. తగ్గి, అరగంటకు మళ్లీ అంతే బలంగా వస్తే అది ఆకలే, నీళ్లు ఊరికే చోటు నింపాయి. అసలు కదలకపోతే ఇక అనుమానమే లేదు. నీళ్లతో దాన్ని అణిచిపెట్టాలని చూడొద్దు, రాత్రి అన్నం దగ్గర వడ్డీతో వసూలు చేస్తుంది.

ఇంకో చిన్న ప్రశ్న వేసుకోండి: "ఇప్పుడు నా ముందు ఒట్టి జొన్నరొట్టె, పప్పు పెడితే తింటానా?" తింటాననిపిస్తే ఆకలి. బజ్జీ తప్ప ఏదీ వద్దనిపిస్తే అది నోటి కోరిక.

ఈ పరీక్షకు కూడా ఒక లోపముంది. పొద్దంతా నీళ్లు లేకుండా ఉండి నాలుగున్నరకు చేస్తే రెండూ కలిసే ఉంటాయి. అందుకే ఒక వారం రెండు రకాల రోజులు పెట్టుకోండి. కొన్ని రోజులు పగలంతా నీళ్లు సరిగ్గా తాగి, మధ్యాహ్నం భోజనం మార్చకుండా ఉండండి. కొన్ని రోజులు నీళ్లు ఇప్పటిలాగే ఉంచి, మధ్యాహ్నం డబ్బాలో ఒక కోడిగుడ్డు, ఒక గిన్నెడు శెనగ గుడాలు చేర్చి అన్నం మూడో వంతు తగ్గించండి. ఏ రోజుల్లో నాలుగున్నర చల్లబడితే మీ జవాబు అటే ఉన్నట్టు.

నా అంచనా అడిగితే, నాలుగున్నరది ఎక్కువగా ఆకలే. పన్నెండు ముప్పావుకు తిన్నది అన్నం, తొక్కు, పలుచటి పప్పు. మాంసకృత్తులు తక్కువ, నాలుగు గంటలు కావస్తోంది.

నాగరాజు_నకిరేకల్
మరి చల్లటి నీళ్లు తాగితే వాటిని వేడి చేసేందుకు ఒళ్లు కేలరీలు కాలుస్తదని చదివిన. అది కూడా ఉత్తదేనా మేడం?

పోషణ_పాలమూరు
ఉత్తది కాదు, కానీ లెక్క వేసి చూడండి. కుండలో నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. అర లీటరును ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు తేవడానికి ఎనిమిదిన్నర కేలరీలు చాలు. ఒక మిర్చి బజ్జీ నూనె పీల్చినదాన్ని బట్టి 120 నుంచి 160 కేలరీలు. ఎన్ని లీటర్లు తాగితే ఒక బజ్జీ తీరుతుందో మీరే చూసుకోండి. నీళ్లు తాగితే ఒంట్లో ఖర్చు ముప్పై శాతం పెరుగుతుందని 2003లో జర్మనీ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత చేసిన చాలామందికి అంత కనిపించలేదు.

మందులషాపు_మిర్యాలగూడ
ఒక మాట కలుపుతాను. దూప ఎక్కువ, ఆకలి ఎక్కువ, రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, ఈ మూడూ కలిసి ఉంటే నీళ్ల పరీక్షలతో కాలం గడపొద్దు, షుగర్ చూపించుకోండి. పరగడుపున 126 లేదా అంతకు మించి వస్తే, మళ్లీ చూసినా అంతే ఉంటే అది షుగరే.

నాగరాజు అన్నా, అయిదు లీటర్ల మాట అందరికీ చెప్పకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు డాక్టర్లు నీళ్లకు కొలత పెడతారు. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడే పెద్దవాళ్లకు నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కిడ్నీలు కూడా గంటకు సుమారు లీటరుకు మించి బయటికి పంపలేవు. గబగబా లీటర్లకు లీటర్లు తాగి తలనొప్పి, వాంతులు, మాట తడబడటం మొదలైతే ఆసుపత్రికి పోవాలి. దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు, అదే ప్రమాదం.

నాగరాజు_నకిరేకల్
సోడియం సంగతి నాకు తెల్వదు. అయిదు లీటర్ల మాట ఎనుకకు తీసుకుంటున్న. కానీ తినేముందు నీళ్లు తాగితే బరువు తగ్గుతదన్నది మాత్రం నిజమే కదా?

పోషణ_పాలమూరు
ఇది మీరు బాగా పట్టుకున్నారు. బ్రిటన్‌లో స్థూలకాయులైన పెద్దవాళ్ల మీద, అమెరికాలో నడివయసు దాటినవాళ్ల మీద 12 వారాలు చూశారు. భోజనానికి అరగంట ముందు అర లీటరు తాగినవాళ్లు, తాగనివాళ్లకంటే మొదటి దాంట్లో కిలో పైచిలుకు, రెండో దాంట్లో రెండు కిలోల దాకా ఎక్కువ తగ్గారు. రెండో దాంట్లో అందరూ తిండి కూడా తగ్గించుకుని తింటున్నారు. పడుచువాళ్లలో ఇదే పని చేస్తుందా అంటే ఫలితాలు అంత స్పష్టంగా లేవు.

ఇంకొకటి, మన వంటకు పనికొచ్చేది. 1999లో అమెరికాలో ఒకే కూరను మూడు రకాలుగా భోజనానికి ముందు పెట్టి చూశారు: కూర ఒక్కటే, కూర పక్కన గ్లాసు నీళ్లు, అవే నీళ్లు పోసి సూప్‌లా కాచింది. తర్వాత భోజనంలో తక్కువ తిన్నది సూప్ తాగిన రోజున. నీళ్లు పక్కన తాగిన రోజున తేడా రాలేదు. తిండిలో కలిసిపోయిన నీళ్లు పొట్టలో నిలుస్తాయి. మన అంబలి అట్లాంటిదే. పాతిక గ్రాముల జొన్నపిండి గంజిలా కాచి, పలుచటి మజ్జిగ పోస్తే పెద్ద గ్లాసు నిండుతుంది, 120 కేలరీల లోపే ఉంటుంది. శారద గారు నాలుగున్నరకు ఫ్లాస్కులో తెచ్చుకుని తాగి చూడవచ్చు.

మర్రిగూడ_వాసి
మేడం, మా దిక్కు సంగతి వేరే. నీళ్లు ఎక్కువ తాగుమంటే ముందు ఏ నీళ్లని అడగాలె. మా పాత బోర్లల్ల ఫ్లోరైడ్. కాచి తాగితే పోతదా?

పోషణ_పాలమూరు
పోదు అన్నా. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. రెండు లీటర్లు తాగే మనిషి నాలుగు తాగితే ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ కూడా రెండింతలు. కాబట్టి తాగడానికి, వంటకు భగీరథ నల్లా నీళ్లు లేదా ఆర్వో నీళ్లు వాడండి, బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు. వంట మాట మర్చిపోవద్దు, పప్పు, అన్నం పీల్చుకునేది అవే నీళ్లు. టీడీఎస్ మీటర్ పెట్టి చూసి "బాగున్నయి" అంటారు కొందరు. అది మొత్తం లవణాలను చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. నీళ్ల ల్యాబ్‌కు సీసా పంపాల్సిందే.

శారద_అచ్చంపేట
మీరు చెప్పినట్టు రెండు రకాల రోజులూ చేసి చూశాను, చెప్తాను. నీళ్లు బాగా తాగిన రోజుల్లో తలనొప్పి లేదు కానీ నాలుగున్నర ఆకలి వచ్చింది. రెండు గ్లాసులు తాగితే తగ్గి, బస్సు కల్వకుర్తి రోడ్డు ఎక్కేలోపు మళ్లీ వచ్చింది. గుడ్డు, గుడాలు తిన్న రోజుల్లో మాత్రం ఆరు దాకా ఏమీ అనిపించలేదు.

వింత ఏంటంటే ఆరున్నరది. బజ్జీలు తిన్న రోజే అది వస్తోంది. ఆ వేళకు ఒక గ్లాసు మజ్జిగ తాగితే పోయింది, భోజనం దాకా మళ్లీ రాలేదు.

పోషణ_పాలమూరు
అదే నేను అనుకున్నది. బజ్జీ పిండిలో ఉప్పు, మిర్చిలో ఉప్పు, పైన చల్లే ఉప్పూ కారం. పగలంతా నీళ్లు లేని ఒంట్లోకి అంత ఉప్పు పోతే గంట, రెండు గంటల్లో దూప మొదలవుతుంది. ఆ వేళకు మీరు ఇంట్లో ఉంటారు, చేతికందేది చుడువ డబ్బా. అందులోనూ ఉప్పే. మీ యోగా సార్ చెప్పింది ఆరున్నరకు సరిపోయింది, నాలుగున్నరకు సరిపోలేదు.

లెక్క చూద్దాం. రెండు బజ్జీలు 280 అనుకోండి, రెండు చెంచాల చక్కెర చాయ్ 70, పెద్ద గుప్పెడు చుడువ 200. మొత్తం 550. దాని బదులు నాలుగున్నరకు అంబలి 120, అర చెంచా చక్కెర చాయ్ 40, ఆరున్నరకు పలుచటి మజ్జిగ 30 అయితే 190. మధ్యాహ్నం గుడ్డు, గుడాలు చేర్చినది తగ్గించిన అన్నంతో కొంతవరకే సరిపోతుంది. రోజుకు 360 మిగిలినా, ఆ తేడా, ఆదివారాలు, పెళ్లిళ్లు తీసేసి సగటున 250 అనుకుంటే నెలకు కిలో. అంతకంటే వేగంగా కాంటా దిగితే మొదటి వారంలో పోయింది ఎక్కువగా నీళ్లే.

శారద_అచ్చంపేట
మరి స్కూల్లో నీళ్లు ఎట్లా తాగాలి మేడం? అసలు చిక్కు అక్కడే ఉంది.

పోషణ_పాలమూరు
ఒకేసారి అర లీటరు తాగితే గంట రెండు గంటల్లో చాలామటుకు మూత్రంగా వచ్చేస్తుంది. తిండితో కలిపి, గుటకలు గుటకలుగా తాగితే ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆరింటికి లేవగానే రెండు గ్లాసులు తాగండి, బయల్దేరేలోపు పోయి రావచ్చు. టిఫిన్‌తో ఒకటి. పదకొండుకు అర గ్లాసు, భోజనంతో ఒక గ్లాసు, రెండున్నరకు అర గ్లాసు, వదిలాక ఒకటి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు, నీళ్లలా తెల్లగా ఉండాలని లేదు. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్న రోజు రంగు నమ్మొద్దు.

మందులషాపు_మిర్యాలగూడ
మేడం లెక్క బాగుంది కానీ ఎండాకాలంలో స్కూల్లో ఆ రెండు గ్లాసులు చాలవు. మూత్రం ఆపుకోవడం కూడా మంచిది కాదు, ఆడవాళ్లకు ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ రావడానికి అదీ ఒక కారణం. మంట, చలిజ్వరం వస్తే ఆలస్యం చేయకండి.

పోషణ_పాలమూరు
నిజమే. ఏప్రిల్‌లో ఆ కొలత సరిపోదు, ఇంకో రెండు గ్లాసులు కావాలి, వాటికి బాత్రూమ్ కూడా కావాలి. దానికి నా దగ్గర ఉపాయం లేదు.

యాదగిరి_కల్వకుర్తి
మేడం, గుడాలు రాత్రి నానబెట్టాల్నా? మా ఇంటామెకు చెప్త, డబ్బల పెడ్తది.

పోషణ_పాలమూరు
ఎనిమిది గంటలు నాననియ్యండి అన్నా. పొద్దుగాల కుక్కర్ల పోసి మూడు నాలుగు కూతలు. మెత్తగ కాలేదంటే ఇంకో రెండు. మీకు చెమట పోతది కాబట్టి ఉప్పు మామూలుగ వేసుకోండి. శారద గారు మాత్రం సగం చాలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండుకోండి.